రాణీ రంగు పక్కన నారింజ

జగన్నాధం సాలూరులో లారీలకు రంగులు వేసి బతికినవాడు. కేబిన్ నెత్తిన నెమలి, వెనక తలుపు మీద తామరపూలు, పక్కల పొడుగునా పూలతీగ. ఘాట్ రోడ్డు మలుపులో అరమైలు దూరాన కనిపించినా, అది జగన్నాధం రంగేసిన బండి అని డ్రైవర్లు గుర్తుపట్టేవారట. మోకాళ్లు సహకరించక పని మానేశాక, భార్య దాలమ్మతో కలిసి విజయనగరంలో కొడుకు గిరిబాబు ఇంటికి వచ్చేశాడు. గిరిబాబు ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మేనేజరు. కోడలు ఝాన్సీ ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్లు చూస్తుంది. రెండో అంతస్తులో అద్దె ఫ్లాట్. హాలుకు ముందు పొడవాటి బాల్కనీ, దానికి గంధం రంగు గోడ, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్.

ఆ బాల్కనీ మీద ఝాన్సీకి ఎప్పటినుంచో ఆశ. పొద్దున ఆఫీసుకు పరిగెత్తేముందు టీ గ్లాసు పట్టుకుని అక్కడ కాసేపు కూర్చుంటుంది. రోజంతటిలో ఆమెకు దొరికే తీరిక అదొక్కటే. చలికాలం మొదలవగానే రెయిలింగుకు తగిలించే పొడవాటి తొట్లు ఆరు కొని తెచ్చింది. పిటూనియాలు, బంతి, చామంతి, ఏవి వేసినా ఇప్పుడే వెయ్యాలి. ఏ రంగులు వెయ్యాలన్నదే తేలలేదు. ఆమెకు లేత ఊదా, తెలుపు, మధ్యలో అక్కడక్కడ రాణీ రంగు ఉండాలని ఉంది. చూస్తే మనసు చల్లబడాలి అనుకుంది.

"రంగుల మాటొస్తే ఇంట్లో మావయ్య ఉన్నారు కదా," అంది భర్తతో.

"ఎవులు తెచ్చినా ఒకటే. పువ్వు పువ్వే కదా," అన్నాడు గిరిబాబు ఫోన్లోంచి తల ఎత్తకుండా.

మావగారి దగ్గరకెళ్లి అడిగింది. జగన్నాధం ముఖం వెలిగిపోయింది. పని మానేశాక రంగుల గురించి ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"నువ్వు ఆపీసుకెల్లిరా అమ్మా. సాయంత్రానికి నీ బాల్కనీ ఎలగుంటాదో సూడు," అన్నాడు.

"మావయ్యా, ఊదా రంగు, తెలుపు..." అని ఆమె ఏదో చెప్పబోయింది.

"ఊదా ఏటమ్మా! బూడిద పోసినట్టుంటాది. ఎరుపు, నారింజ, పసుపు. ఒకే ఇంటి పిల్లల్లాగ కలిసిపోతాయి. నడమన తెలుపు. తెలుపు లేపోతే ఏ రంగూ పలకదు."

మాట సబబుగానే ఉంది. ఎరుపు, నారింజ, పసుపు ఒకదాని పక్కన ఒకటి ఒదిగే రంగులే. తన ఊదా పోయినా ఫరవాలేదులే అనుకుని ఝాన్సీ సరేనంది.

ఆ పూటే జగన్నాధం, దాలమ్మ ఆటో ఎక్కి ఊరిచివర నర్సరీకి వెళ్లారు. నర్సరీ నడిపే లక్ష్మణమ్మ పాలిథిన్ నీడ కింద వరసలుగా పూసిన మొక్కలు చూపించింది. జగన్నాధం చేతులు వెనక్కి కట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. బంతులు తీయించాడు, ముదురు నారింజవి. ఎర్రటి కంకుల సాల్వియాలు తీయించాడు. పిటూనియాల దగ్గర ఆగి, "ఈ ఎరుపు ఒక పది పెట్టమ్మా," అన్నాడు.

దాలమ్మ వంగి చూసింది. "అది ఎరుపేటి? రాణీ రంగు."

"ఎరుపే."

"రాణీ రంగయ్యా! నా సిన్నప్పటి పట్టుపరికిణీ రంగు."

"ఒసే దాలీ, రంగుల కాడ నాకు సెప్పకు. మరలాటప్పుడు నువ్వెల్లి ఏసుకోలేకపోనావా లారీలకి?"

లక్ష్మణమ్మ ఇద్దరి మొహాలూ చూసి నవ్వుకుని మొక్కలు తీసి పక్కన పెట్టింది. ముసలి మొగుడూ పెళ్లాల తగువులో దూరడం ఆమెకు అలవాటు లేదు. తర్వాత చామంతుల దగ్గర కూడా ఇదే వరస. "తెల్లవి ఒక ఎనిమిది," అన్నాడాయన. "అవి తెలుపు కావు, లేత పసుపు," అంది దాలమ్మ. ఆయన వినిపించుకోలేదు. నలభై ఏళ్లకు పైగా పప్పులో ఉప్పు దగ్గర్నుంచి పెళ్లిభోజనాల వరకు ప్రతిదానికీ ఇలాగే వాదించుకున్న జంట కాబట్టి, దాలమ్మ కూడా మూతి తిప్పుకుని ఊరుకుంది. బయల్దేరేముందు లక్ష్మణమ్మ ఒక్క మాట మాత్రం చెప్పింది.

"పెద్దాయనా, మొక్కల్ని పీకి నాటకండి. కుండీలతోనే తొట్లలో దించేయండి. నచ్చకపోతే అటూ ఇటూ మార్చుకోవచ్చు."

"మార్సేదేటి ఉండదు," అన్నాడు జగన్నాధం.

సాయంత్రం ఝాన్సీ చెప్పులు విప్పీ విప్పకముందే ఆయన ఆమెను బాల్కనీలోకి తీసుకెళ్లాడు. తొట్లన్నీ నిండుగా ఉన్నాయి. నీళ్లు కూడా పోసేశాడు. ఝాన్సీ గుమ్మంలోనే ఆగిపోయింది.

ముదురు నారింజ బంతి పక్కన రాణీ రంగు పిటూనియా. దాని పక్కన నిప్పులాంటి సాల్వియా. మళ్లీ బంతి, మళ్లీ రాణీ రంగు. ఏ పువ్వుకాపువ్వు అందంగానే ఉంది కానీ, రెండేసి పక్కపక్కన చేరేసరికి ఒకదాన్ని ఒకటి తోసుకుంటున్నాయి. చూపు ఎక్కడా నిలవడం లేదు. లేత పసుపు చామంతులైతే గంధం రంగు గోడలో కలిసిపోయి, ఉన్నట్టే లేవు.

"ఎలగున్నాది?" అన్నాడు జగన్నాధం.

ఆయన ముఖంలో వెలుగు చూసి, "బాగుంది మావయ్యా," అంది.

మర్నాడు టీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్లింది. కాసేపు కూర్చుని, కుర్చీ తిప్పి గోడవైపు ముఖం పెట్టుకుంది. ఆ తర్వాత రోజు టీ వంటింట్లోనే నిలబడి తాగేసింది. అసలు ఏమైందన్నది ఆమెకు అర్థం కాలేదు. మావగారి చేత్తో వేసిన లారీల ఫొటోలు ఆమె చూసింది. ఏ రంగూ పక్కదాన్ని పాడుచెయ్యదు వాటిలో. అలాంటి మనిషి ఇలా ఎలా పెట్టాడు? అడిగితే నొచ్చుకుంటాడేమోనని అడగలేకపోయింది.

ఆదివారం ఎదురు అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి హేమ పలకరించింది. ఝాన్సీతో కాలేజీలో పనిచేసే మనిషి. మనసులో ఏమీ దాచుకోదు.

"ఝాన్సీ! ఏటే మీ బాల్కనీ, ఎవులో తగువాడుకుంటున్నట్టుంది!"

ఝాన్సీ చెయ్యి ఊపి ఊరుకోమని సైగ చేసేలోపే, తొట్లకు నీళ్లు పోస్తున్న జగన్నాధం విననే విన్నాడు. డబ్బా కింద పెట్టాడు. హాల్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"తగువేటి? ఎరుపు, నారింజ, నడమన తెలుపు. ఇందులో తప్పెక్కడున్నాది? నువ్వు సెప్పమ్మా."

ఝాన్సీ తలుపులోంచి తొట్ల వైపు చూసింది.

"తెలుపెక్కడుంది మావయ్యా?"

"అదేటమ్మా, ఎనిమిది చామంతులు తెల్లవే కదా."

"నాను ఆయేళే సెప్పినాను," అంది దాలమ్మ గుమ్మం దగ్గర్నుంచి. "ఇన్నాడేటి!"

ఝాన్సీ ఆరేసిన బట్టల్లోంచి గిరిబాబు తెల్ల బనీను తెచ్చి, చామంతి పక్కన పట్టుకుంది. మావగారిని దగ్గరకు పిలిచింది.

"ఈ రెండూ ఒకటే రంగా మావయ్యా?"

జగన్నాధం ఆ పువ్వునూ బనీనునూ మార్చి మార్చి చూశాడు. దగ్గరకు వంగాడు. వెనక్కి జరిగాడు.

"ఒకటే," అన్నాడు. ఆ తర్వాత కోడలి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. "కాదేటి?"

దాలమ్మ వాదించలేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

"పిటూనియాలో?" అన్నాడు నెమ్మదిగా.

"రాణీ రంగు," అంది ఝాన్సీ.

జగన్నాధం గదిలోకి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. దాలమ్మ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేస్తే అప్పుడు నోరు విప్పాడు.

"ఈ మజ్జిన రంగుల్లో పస నేదనుకున్నానే. సీరలు, బళ్లు, గోడలు, అన్నీ మాసిపోయినట్టే కనపడతన్నాయి. డబ్బాల్లో కల్తీ కలిపేస్తన్నారనుకున్నాను. నా కల్లే పోనాయని తెల్దు."

"పోనేదు, ఏటీ పోనేదు," అంది దాలమ్మ. "రేపు సూపిద్దాం, లే. ముందు అన్నం తిను."

మర్నాడు ఝాన్సీ సెలవు పెట్టి ఇద్దర్నీ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ చుక్కలు వేసి, చీకటిగదిలో చాలాసేపు చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయని చెప్పింది. కంటిలోపలి గాజులాంటి కటకం వయసుతో పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగింది. పసుపు కళ్లద్దాలు పెట్టుకుని లోకాన్ని చూసినట్టే. అందులోంచి చూస్తే తెలుపు కూడా పసుపవుతుంది, అలవాటైన కంటికి లేత పసుపూ తెలుపూ ఒకటే. ఊదాలోంచి నీలం పోయి బూడిద మిగులుతుంది. రాణీ రంగులోంచి కూడా ఆ నీలమే పోతే ఇక ఎరుపే.

"ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. అందుకే ఎవరికి వారికి తెలీదు," అంది డాక్టరమ్మ. "తెలిసింది కాబట్టి తీసేద్దాం. ముందు కుడికన్ను, నెల తర్వాత ఎడమది."

"తీసేస్తే రంగులు తిరిగొస్తాయేటమ్మా?" అన్నాడు జగన్నాధం.

"మీరు మర్చిపోయినవి కూడా వస్తాయి."

ఆపరేషన్ సాఫీగా జరిగింది. మర్నాడు పొద్దున కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, చుక్కల మందు ఇచ్చి పంపారు. కంట్లో నీళ్లు పడకూడదు, వంగి బరువులెత్తకూడదు, మట్టి ముట్టకూడదు. దుమ్ములో అసలు తిరగకూడదు. దాలమ్మ అన్నీ రెండుసార్లు చెప్పించుకుని బుర్రలో పెట్టుకుంది. మొగుణ్ణి కట్టడి చేసే అధికారం డాక్టరే చేతికిచ్చినందుకు ఆమెకు లోలోపల సంతోషంగానే ఉంది.

ఇంటికొచ్చి సోఫాలో కూర్చోగానే జగన్నాధం నల్లద్దాలు ఒక్క క్షణం తీసి ఎదురుగా ఉన్న భార్యను చూశాడు. చూసి, రెప్ప కొట్టడం మర్చిపోయాడు.

"ఈ సీర నీలమేటే?"

"నీలం కాక?"

"నాను నలుపనుకున్నాను! కట్టినప్పుడల్లా అశుభంలాగ ఆ నల్లసీరెందుకే అని..."

"అని నన్ను ఎన్నిసార్లు మార్పించినావో! పండగపూట కూడా పెట్టిలో పెట్టించేసినావు."

"పండక్కి అదే కట్టుకో. నా మీద ఒట్టు," అన్నాడు. తర్వాత ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, చీరను మార్చి మార్చి చూసి పిల్లాడిలా నవ్వాడు. "ఈ కంటికి నీలం, ఈ కంటికి నలుపు! ఇద్దరు పెళ్లాలున్నట్టున్నాది!"

ఆ నవ్వుతోనే లేచి బాల్కనీలోకి వెళ్లాడు. మరుక్షణం అక్కడినుంచి కేక వినిపించింది.

"ఓలమ్మో! ఎవులే ఈ రంగులు పెట్టినోడు?"

ఝాన్సీ, దాలమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరే మావయ్యా," అంది ఝాన్సీ, నవ్వు ఆపుకుంటూ.

జగన్నాధం కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాడు. ఎరుపూ నారింజా, చక్కగా కలిసిపోయి. ఎడమకన్ను మూసి కుడికంటితో చూశాడు. రాణీ రంగూ నారింజా, జుట్లు పట్టుకుని. తల పట్టుకున్నాడు.

"ఆ హేమమ్మ నోట్లో పంచదార పొయ్యాల. మర్యాదకి తగువన్నాది. ఇది తగువు కాదు, కొట్లాట! నువ్వేటమ్మా, బాగున్నాదని సెప్పినావు?"

"మీరు అంత సంతోషంగా..."

"సంతోసమేటి! నాకు తప్పు సెప్పొద్దా?" అని, అంతలోనే తగ్గి, "నువ్వు సెప్పినా ఇనుండేవోన్ని కాదులే," అన్నాడు.

ఆ పూటే సర్దాలన్నాడు. చేతులు చాచి తొట్టి వైపు వంగబోయేసరికి దాలమ్మ అడ్డం వచ్చింది. "మట్టి ముట్టకూడదు! కూకో అక్కడ." కుర్చీ వేసి, అద్దాలు పెట్టి కూర్చోబెట్టింది. ఆయన కుర్చీలోంచి చెయ్యి చూపిస్తే అత్తాకోడళ్లు కుండీలు మార్చేట్టు ఒప్పందం కుదిరింది. రంగు చూడాల్సినప్పుడల్లా మాత్రం, దాలమ్మ అనుమతితో, అద్దాలు పైకెత్తి ఒక్క క్షణం చూడొచ్చు.

ఝాన్సీకి బంతులన్నీ తీసి హేమకు ఇచ్చేయాలనిపించింది. ఆ మాటే అంది.

"ఎందుకమ్మా? బంతిదేటి తప్పు?" అన్నాడు జగన్నాధం. "రాణీ రంగుదీ తప్పు కాదు. రెంటినీ పక్కపక్కన కూకోబెట్టినోడిదే తప్పు. ఇడదీసేద్దాం. బంతి, సాల్వియా వంటిల్లు వేపు. అవి అవి సుట్టాలు. రాణీ రంగు ఇటు నీ కుర్సీ వేపు. దానికి ఊదా కావాల. నడమన రెండు తొట్లు తెలుపూ, పచ్చటి ఆకూ. అటునుంచి ఇటొచ్చే కన్ను అక్కడ ఊపిరి పీల్చుకుంటాది."

"ఊదా బూడిదలా ఉంటుందన్నారు కదా?"

"అన్నది ఎడంకన్నమ్మా. దాని మాట ఇనకు."

ఝాన్సీ స్కూటర్ మీద నర్సరీకి వెళ్లి లేత ఊదా పిటూనియాలు, తెల్ల పిటూనియాలు, కిందకు జారే ఆకుతీగలు తెచ్చింది. లేత పసుపు చామంతులను వెనక్కి ఇవ్వబోయి, వాటిని బంతుల పక్కన చేర్చింది. గోడకు ఆనకుండా, తొట్టి ముందు వరసలో, వెనక ముదురు ఆకులుండేలా పెడితే అవి కూడా కనిపించాయి.

తెలుపు దగ్గర మాత్రం తేడా వచ్చింది. జగన్నాధం లారీ మీద అలవాటు ప్రకారం ప్రతి రెండు రంగుల మధ్యా ఒక తెల్ల మొక్క పెట్టించాడు. అన్నీ పెట్టాక ముగ్గురూ వెనక్కి జరిగి చూశారు. ఎక్కడో కుదరలేదు. బాల్కనీ అంతా సున్నం చుక్కలు చిందినట్టుంది.

"ఏటి తక్కువయినాది?" అన్నాడాయన అద్దాలు ఎత్తి.

ఝాన్సీ చాలాసేపు చూసింది. చప్పున చెప్పులు వేసుకుని కిందికి దిగి, రోడ్డు మీద నిలబడి పైకి చూసింది. పైకొచ్చి ఆయాసపడుతూ అంది, "తక్కువ కాదు మావయ్యా, చెదిరిపోయింది. లారీ మీద తెలుపు గీతలా తెగకుండా సాగుతుంది. ఇక్కడ మొక్క మొక్కకీ తెగిపోతుంది. ఒక్కొక్కటి వేరేగా పెడితే చుక్కే. నాలుగైదు కలిపి పెడితే రంగు."

జగన్నాధం ఆలోచించాడు. ఒప్పుకోవడానికి ఒక నిమిషం పట్టింది. "ఏదీ, పెట్టు సూద్దాం."

తెల్లవన్నీ తెచ్చి మధ్య తొట్లలో గుంపుగా దించారు. ఊదావి నాలుగు కలిపి, రాణీ రంగువి నాలుగు కలిపి, వాటి అంచున మళ్లీ చిన్న తెల్ల గుంపు. అటు చివర బంతుల కుప్ప, దాని వెనక సాల్వియా నిలువుగా. ఈసారి చూపు వంటిల్లు దగ్గర నారింజలో మొదలై, పసుపులోకి దిగి, తెలుపు మీద ఆగి, ఊదా మీదుగా రాణీ రంగులోకి మెల్లగా వెళ్లింది.

"అదీ!" అన్నాడు జగన్నాధం తొడ మీద చరిచి. "అమ్మాయ్, నువ్వు మా సాలూరులో పుట్టుంటే నా బ్రష్షులన్నీ నీకిచ్చీసేవోన్ని."

"మట్టి మోసింది నానూ," అంది దాలమ్మ.

"నీకు రాణీ రంగు. నువ్వే గెలిసినావు దాంట్లో. ఇంకేటి కావాల?"

దాలమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి ఒక పిటూనియాను వేలితో సర్దింది. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన నోట ఆ మాట విన్నది.

పొద్దు వాలుతుంటే ముగ్గురూ అక్కడే కూర్చుని టీ తాగారు. వెలుగు తగ్గేకొద్దీ సాల్వియా ఎరుపు ముందుగా నల్లబడింది, తర్వాత బంతులు అణిగాయి. తెలుపూ లేత ఊదా మాత్రం చీకట్లోనూ విడిగా తెలిశాయి. ఎదురు బాల్కనీలో హేమ బట్టలు తీస్తూ ఆగి, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. జగన్నాధం నల్లద్దాలతోనే లేచి, సన్మానం అందుకున్న పెద్దమనిషిలా దణ్ణం పెట్టాడు.

అప్పుడే గిరిబాబు ఆఫీసునుంచి వచ్చాడు. బాల్కనీలో అందరూ చేరి ఉండడం చూసి, గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు. మెచ్చుకోవాలని వాళ్లు ఎదురుచూస్తున్నారని మాత్రం అర్థమైంది.

"బాగుంది," అన్నాడు. "గోడకి సున్నం ఏయించినారా?"

దాలమ్మ కోడలి వైపు తిరిగింది.

"రేపు మీ మావయ్యని కంటాసుపత్రికి తీసికెల్తావు కదమ్మా. ఈడ్నీ తీసికెల్లు."